లాంబ్డా సిగ్నిఫికెంట్ కాలేదు. అంటే సెలెక్షన్ బయాస్ లేనట్టేనా?

కృష్ణవేణి

అందరికీ నమస్కారం. ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తున్నాను. తెలంగాణ పల్లెల్లో చదువు పెరిగితే ఆడవాళ్ల వేతనం ఎంత పెరుగుతుందన్నది నా అంశం. పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధి సర్వే డేటా వాడదామనుకుంటున్నాను. జీతం వచ్చే ఆడవాళ్లను మాత్రమే తీసుకుని రిగ్రెషన్ చేస్తే మా గైడ్ గారు ఒప్పుకోలేదు. "ఇంట్లో ఉన్నవాళ్ల సంగతేమిటి, హెక్‌మన్ టూ-స్టెప్ చేసి తీసుకురా" అన్నారు. అంటే ముందు ఎవరు పనికి వెళతారో ప్రోబిట్ మోడల్‌తో లెక్కగట్టి, దాన్నుంచి వచ్చే లాంబ్డా అనే అంకెను వేతన సమీకరణంలో కలపడం.

చెయ్యి తిరగడం కోసం ముందు మ్రోజ్ డేటా మీద నడిపాను. చాలామందికి తెలిసినదే: 1975లో అమెరికాలో 753 మంది పెళ్లైన ఆడవాళ్లు, అందులో జీతానికి పనిచేసినవాళ్లు 428 మంది. నేను రాసిన కోడ్ ఇది:

```
library(wooldridge)
p <- glm(inlf ~ nwifeinc + educ + exper + expersq +
         age + kidslt6 + kidsge6,
         family = binomial("probit"), data = mroz)
zg <- predict(p)
mroz$imr <- dnorm(zg) / pnorm(zg)
summary(lm(lwage ~ educ + exper + expersq + imr,
           data = mroz, subset = inlf == 1))
```

మామూలు ఓఎల్ఎస్‌లో చదువు గుణకం 0.1075. రెండు దశల్లో చేస్తే 0.109. తేడా లేదనే చెప్పాలి. కోడ్‌లో `imr` అన్నదే లాంబ్డా, దాని గుణకం 0.032, స్టాండర్డ్ ఎర్రర్ 0.134. కాబట్టి "సెలెక్షన్ బయాస్ లేదు" అని రాసేసి ఓఎల్ఎస్‌తోనే ముందుకు పోవచ్చా? రేపు పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో కూడా ఇలాగే వస్తే అదే వాక్యం రాయొచ్చా?

రమణారావు

అమ్మా, మీ సమస్య శాంపిల్ సరిగ్గా లేకపోవడం. పీఎల్‌ఎఫ్‌ఎస్ యూనిట్ స్థాయి ఫైళ్లలో ప్రతి ఇంటికీ మల్టిప్లయర్ ఇస్తారు. ఆ వెయిట్లు వేసి రిగ్రెషన్ నడపండి, శాంపిల్ జనాభాకు ప్రతినిధిగా మారుతుంది. ఈ ప్రోబిట్లు అవీ అనవసరం. నేను సర్వీసులో ఉన్నప్పుడు పాత ఎన్ఎస్ఎస్ రౌండ్లన్నీ అలాగే చేశాం.

డేటా శీను

వెయిట్లు కాదు సార్, ఇది వేరే సంగతి. కృష్ణవేణి గారూ, మీరు చేసింది కరెక్టే. లాంబ్డా గుణకం మీద టీ-టెస్టే సెలెక్షన్ బయాస్ టెస్ట్. మీ టీ విలువ 0.24. అంటే బయాస్ లేదు. ఓఎల్ఎస్‌తో వెళ్లిపోండి, ఫుట్‌నోట్‌లో ఒక ముక్క రాయండి చాలు. స్టాటా మాన్యువల్ ఉదాహరణ చూడండి, అక్కడ 2000 మంది ఆడవాళ్లలో 1343 మందికి వేతనం ఉంటుంది. టూ-స్టెప్‌లో లాంబ్డా 4.0, స్టాండర్డ్ ఎర్రర్ 0.61. చదువు గుణకం కూడా 0.90 నుంచి 0.98కి పెరుగుతుంది. బయాస్ ఉంటే అలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

భారతి (ఎకనామెట్రిక్స్ చెబుతుంటాను)

ముందు రమణారావు గారి మాట. సార్, వెయిట్లు సరిచేసేది వేరే లోపాన్ని. ఏ ఇంటిని సర్వేకి తీసుకునే అవకాశం ఎంత ఉందో లెక్కగట్టి దాన్ని సమం చేస్తాయి. ఇక్కడ ఇంట్లో ఉన్న ఆడవాళ్లు సర్వేలో ఉన్నారు, వాళ్ల వెయిట్లూ ఉన్నాయి. లేనిది వేతనం గడిలో అంకె. ఆ అంకె లేకపోవడానికి కారణం వేతనంతోనే ముడిపడి ఉంది: ఆమెకు దొరికే కూలి ఆమె కనీసం కోరుకునేదానికంటే తక్కువ కాబట్టే ఆమె వెళ్లలేదు. ఖాళీ గడిని ఎంత వెయిట్‌తో గుణించినా ఖాళీగానే ఉంటుంది.

దీనివల్ల చదువు గుణకం ఎందుకు చెడుతుందో చిన్న లెక్కతో చూద్దాం. ఒక ఊళ్లో పదో తరగతి చదివిన ముగ్గురికి రోజుకు 300, 400, 500 రూపాయల పని దొరుకుతుంది అనుకుందాం. డిగ్రీ చదివిన ముగ్గురికి 500, 600, 700. అందరికీ ఇల్లు వదిలి వెళ్లాలంటే కనీసం 450 కావాలి. డిగ్రీవాళ్లు ముగ్గురూ వెళతారు, సగటు 600. పదో తరగతి వాళ్లలో 500 దొరికే ఒక్కామే వెళుతుంది. మనకు కనిపించే తేడా 100, అసలు తేడా 200. తక్కువ చదువుతోనూ పనిలో ఉన్న మనిషి మామూలు మనిషి కాదు. ఆమెలో సర్వేకి అందని చురుకుదనమో నైపుణ్యమో ఉంది. పనిచేసేవాళ్లలో మాత్రమే చూస్తే తక్కువ చదువు, ఎక్కువ చురుకుదనం జతగా కనిపిస్తాయి, అందుకే చదువు గీత చదునవుతుంది.

ఇది ఒక దిశ మాత్రమే. చురుకైన ఆడవాళ్లే ఇంట్లో ఉండిపోయే సమాజంలో ఇది తిరగబడుతుంది. కాబట్టి బయాస్ ఎప్పుడూ ఒకే వైపు ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక శీను గారు చెప్పినదాంట్లో సగం నిజం. అసలు సెలెక్షన్ లేదనే ఊహ కింద ఆ టీ-టెస్ట్ చెల్లుతుంది, మామూలు స్టాండర్డ్ ఎర్రర్‌తో కూడా చెల్లుతుంది. కానీ ఆ ఊహను టెస్టు కొట్టేయలేకపోయింది అంటే బయాస్ సున్నా అని కాదు. రాత్రికి లెక్కతో రాస్తాను. స్టాటా ఉదాహరణ సంగతి మాత్రం ఇప్పుడే చెబుతాను. అది నేర్పడం కోసం ఇచ్చిన కల్పిత డేటా. నిజం డేటా అంత తేటగా ఉండదు.

స్వాతి

నాది ఎకనామిక్స్ కాదు, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. టాపిక్ చూసి ఆగలేక రాస్తున్నాను. బాబు పుట్టాక కొన్నేళ్లు మానేశాను. తిరిగి చేరినప్పుడు నాతోపాటు ఉద్యోగం మొదలుపెట్టినవాళ్ల కంటే చాలా తక్కువకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇంటర్వ్యూలో గ్యాప్ గురించే సగం సేపు అడిగారు. ఇంటికి దగ్గరగా, టైముకు వదిలేసే ఉద్యోగం కావాలని నేనూ జీతం దగ్గర తగ్గాను. మీ కోడ్‌లో `kidslt6` అంటే ఆరేళ్ల లోపు పిల్లలే కదా? అది మొదటి లెక్కలో ఉంది, రెండో లెక్కలో లేదు. అంటే పిల్లలు ఉంటే పనికి వెళ్లడం కష్టమవుతుంది గానీ, వెళ్లాక జీతం మీద ప్రభావం ఉండదని అనుకుంటున్నారా? నా విషయంలో అది అబద్ధం.

కృష్ణవేణి

స్వాతి గారూ, అవును, సరిగ్గా అదే అనుకుంటున్నాం. పుస్తకంలో అలాగే ఉంది కాబట్టి నేనూ అలాగే పెట్టాను. భారతి మేడం, దీనికి ఏమంటారు?

భారతి (ఎకనామెట్రిక్స్ చెబుతుంటాను)

స్వాతి గారు ఈ పద్ధతికి ఆయువుపట్టు ఎక్కడుందో పట్టుకున్నారు. అక్కడికి వస్తాను, ముందు అంకెలు.

కృష్ణవేణి, నీ ప్రోబిట్ ఫలితాలు పక్కన పెట్టుకో. ఇద్దరు ఆడవాళ్లను ఊహించుకో. ఇద్దరికీ వయసు 35, పన్నెండేళ్ల చదువు, పదేళ్ల పని అనుభవం, ఆమె సంపాదన కాక ఇంటి ఆదాయం ఏడాదికి 20 వేల డాలర్లు, ఆరేళ్లు దాటిన బిడ్డ ఒకరు. ఒక్కటే తేడా: మొదటామెకు చంటిబిడ్డ లేదు, రెండో ఆమెకు ఆరేళ్లలోపు బిడ్డ ఒకరున్నారు.

గుణకాలు వేసి కూడితే మొదటామె స్కోరు సుమారు 0.83. అంటే ఆమె పనిలో ఉండే అవకాశం దాదాపు 80 శాతం. ఆ స్కోరు దగ్గర నార్మల్ వక్రరేఖ ఎత్తును ఆ అవకాశంతో భాగిస్తే లాంబ్డా 0.35 దగ్గర వస్తుంది. చంటిబిడ్డ గుణకం మైనస్ 0.868 కాబట్టి రెండో ఆమె స్కోరు మైనస్ 0.04కి పడిపోతుంది. అవకాశం 48 శాతం, లాంబ్డా 0.82. చూడు, పనిలో ఉండే అవకాశం తగ్గేకొద్దీ లాంబ్డా పెరుగుతుంది. ఇన్ని అడ్డంకులున్నా పనిలో ఉందంటే ఆమెను అక్కడికి తెచ్చిన కనపడని కారణం అంత బలంగా ఉండి ఉండాలి. ఆ బలం సగటున ఎంతో చెప్పే అంకె లాంబ్డా. రెండో దశలో దాని గుణకం అడిగేది ఒకటే ప్రశ్న: పనికి తెచ్చిన ఆ కనపడని కారణం వేతనాన్ని కూడా పెంచుతోందా?

ఇద్దరి లాంబ్డాల తేడా 0.47. నీ గుణకం 0.032తో గుణిస్తే లాగ్ వేతనంలో 0.015, అంటే ఒకటిన్నర శాతం. చాలా చిన్నది, నిజమే. ఇప్పుడు స్టాండర్డ్ ఎర్రర్ 0.134 చూడు. 95 శాతం పరిధి తీసుకుంటే గుణకం మైనస్ 0.23 నుంచి ప్లస్ 0.29 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఆ ఇద్దరి మధ్య సెలెక్షన్ వల్ల వచ్చే తేడా మైనస్ 11 శాతం నుంచి ప్లస్ 14 శాతం దాకా దేనికైనా ఈ డేటా అభ్యంతరం చెప్పదు. ఇంత వెడల్పు పరిధిని చూపించి "బయాస్ లేదు" అని రాస్తే పరీక్షకుడిగా నేనైతే ఒప్పుకోను. "ఉందో లేదో ఈ డేటా గట్టిగా చెప్పలేకపోతోంది, చదువు గుణకం మాత్రం రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఒకటే వచ్చింది" అని రాయి. అది నిలబడే మాట.

డేటా శీను

మేడం, పరిధి లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక సందేహం. స్టాండర్డ్ ఎర్రర్ పెద్దదిగా ఉంటే శాంపిల్ చిన్నదని అర్థం. 428 మందే కదా. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో వేలల్లో ఉంటారు, అప్పుడు ఈ సమస్య తీరిపోతుంది కదా? ఇంకోటి, అసలు రెండు సమీకరణాల్లోనూ ఒకే చలరాశులు పెట్టినా స్టాటా రన్ అవుతుంది, లాంబ్డా వస్తుంది. వేరే వేరియబుల్ తప్పనిసరి అని ఎందుకు పట్టుబడతారో నాకు అర్థం కాదు. హెక్‌మన్ సిద్ధాంతం ప్రకారం అవసరం లేదు.

భారతి (ఎకనామెట్రిక్స్ చెబుతుంటాను)

సిద్ధాంతం ప్రకారం అవసరం లేదన్నది నిజం. లాంబ్డా వంపు తిరిగిన ఫంక్షన్, వేతన సమీకరణం సరళరేఖ. ఆ వంపు ఒక్కటే రెండింటినీ విడదీస్తుంది. కానీ ఆ వంపు ఎంత ఉందో అంకెల్లో చూడండి. స్కోరు మైనస్ 1 దగ్గర లాంబ్డా 1.53, సున్నా దగ్గర 0.80, ప్లస్ 1 దగ్గర 0.29. మైనస్ 1 నుంచి సున్నాకి వస్తే 0.73 తగ్గింది, సున్నా నుంచి 1కి పోతే 0.51 తగ్గింది. చాలా డేటాల్లో జనం ఉండేది ఈ మధ్య భాగంలోనే. అక్కడ అది దాదాపు గీతే. చదువు, అనుభవం మాత్రమే పెట్టి ప్రోబిట్ చేస్తే, వచ్చే లాంబ్డా ఆ చదువు, అనుభవాల గీతకు దాదాపు నకలు. అప్పుడు రెండో దశలో కంప్యూటర్‌కు చదువు ప్రభావం ఏదో, సెలెక్షన్ ప్రభావం ఏదో తెలియదు. స్టాండర్డ్ ఎర్రర్లు ఉబ్బుతాయి, గుణకాలు గుర్తులు కూడా మార్చుకుంటాయి. పైగా విడదీసే ఆ కాస్త వంపు కూడా ఎర్రర్లు నార్మల్ అన్న ఊహ నుంచి వచ్చినదే. ఊహ తప్పైతే మిగిలేది ఏమీ లేదు.

శాంపిల్ పెరిగితే కొంత మేలు. కానీ తప్పు ఊహ మీద శాంపిల్ పెంచితే తప్పు అంకె మరింత కచ్చితంగా వస్తుంది, అంతే.

కృష్ణవేణి, నువ్వు చేయాల్సిన పరీక్ష ఇది. పనిచేసేవాళ్లను మాత్రమే తీసుకుని `imr` ని ఎడమవైపు పెట్టి, వేతన సమీకరణంలోని చలరాశుల మీద రిగ్రెస్ చెయ్యి. ఆర్-స్క్వేర్ 1కి దగ్గరగా వచ్చిందంటే నీ సవరణ గాలిలో నిలబడినట్టే. ఏ పేపర్‌లోనైనా హెక్‌మన్ ఫలితాలు చూసినప్పుడు నేను వెతికేది ముందు ఈ అంకె కోసమే. చాలామంది ఇవ్వరు.

ఇంకో సంగతి. నీ కోడ్‌లో రెండో దశ `lm` ఇచ్చే స్టాండర్డ్ ఎర్రర్లు థీసిస్‌లో పెట్టకు. లాంబ్డా మనం అంచనా వేసిన అంకె అని `lm`కి తెలియదు. సెలెక్షన్ ఉంటే ఎర్రర్ వేరియన్స్ కూడా మనిషి మనిషికీ మారుతుంది. రెండు దశలనూ కలిపి బూట్‌స్ట్రాప్ చెయ్యి, లేదా సవరించిన ఎర్రర్లు ఇచ్చే రెడీమేడ్ కమాండ్ వాడు:

```
heckman lwage educ exper expersq, ///
  select(inlf = nwifeinc educ exper expersq age kidslt6 kidsge6) twostep
```

స్వాతి

నా ప్రశ్నకు జవాబు మిగిలిపోయింది :)

భారతి (ఎకనామెట్రిక్స్ చెబుతుంటాను)

మర్చిపోలేదమ్మా, దానికి చోటు కావాలని ఆగాను.

మీరు చెప్పినట్టు చంటిబిడ్డ ఉండడం వల్లే జీతం నేరుగా తగ్గుతుంది అనుకుందాం. గ్యాప్ వల్ల కావచ్చు, దగ్గర ఉద్యోగం కోసం తగ్గడం వల్ల కావచ్చు. వేతన సమీకరణంలో పిల్లలు లేరు. మరి ఆ తగ్గుదల ఎక్కడికి పోతుంది? పైన చూశాం, చంటిబిడ్డ ఉన్న తల్లికి లాంబ్డా 0.82, లేనామెకు 0.35. తల్లుల జీతం తక్కువగా ఉంది, తల్లుల లాంబ్డా ఎక్కువగా ఉంది. కాబట్టి ఆ తగ్గుదల అంతా లాంబ్డా గుణకం ఖాతాలో మైనస్‌గా పడుతుంది. అసలు సెలెక్షన్ ప్లస్ అయి, తల్లుల జీతం కోత మైనస్ అయితే, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నాకి దగ్గరగా ఏదో అంకె రావచ్చు. 0.032 లాంటిది. మ్రోజ్ డేటాలో అదే జరిగిందని అనను. కానీ అలా జరగలేదని ఆ టీ-టెస్ట్ మాత్రం చెప్పలేదు.

కొంత ఊరట ఏమిటంటే మ్రోజ్ డేటాలో `exper` అంటే ఆమె నిజంగా పనిచేసిన ఏళ్లు. గ్యాప్ వల్ల కోల్పోయిన అనుభవం అందులో లెక్కకు వచ్చేసింది. కోత అంతా అనుభవం తగ్గడం వల్లే అయితే సమస్య లేదు. మీరు చెప్పిన రెండో కారణం, అంటే టైముకు వదిలే ఉద్యోగం కోసం తగ్గడం, అది మాత్రం మిగిలే ఉంటుంది.

చేయగలిగిన పని ఒకటుంది. `kidslt6`, `kidsge6` లను వేతన సమీకరణంలో కూడా పెట్టి, `nwifeinc`, `age` లను మాత్రమే బయట ఉంచి మళ్లీ నడపడం. చదువు గుణకం కదలకపోతే కాస్త ధైర్యం. కానీ ఆ రెండూ మచ్చలేనివేం కాదు. చురుకైన ఆమెకు బాగా సంపాదించే భర్త దొరికే అవకాశం ఎక్కువ, కాబట్టి భర్త ఆదాయం కూడా ఆమె వేతనంలోని కనపడని భాగంతో ముడిపడి ఉండొచ్చు. వయసు సంగతీ అంతే, అనుభవం పక్కన పెడితే వయసుకు జీతంతో సంబంధం లేదని ప్రమాణం చేసి చెప్పలేం.

వంశీ (అట్లాంటా)

ఇక్కడి విషయం ఒకటి కలుపుతాను. బయాస్ దిశ తిరగబడుతుందని మేడం అన్నారు కదా, అమెరికాలోనే అది జరిగిందని మలిగన్, రూబిన్‌స్టీన్ 2008 పేపర్‌లో చూపించారు. 1970లలో ఫుల్‌టైమ్ పనిచేసే ఆడవాళ్ల ఎంపిక నెగటివ్‌గా ఉంది. 1990లు వచ్చేసరికి పాజిటివ్ అయింది. నైపుణ్యానికి బజారులో ధర పెరిగేసరికి చురుకైన ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి ఎక్కువగా వచ్చారని వాళ్ల వాదన. దాని పర్యవసానం పెద్దది: ఆ కాలంలో ఆడ మగ వేతనాల మధ్య తేడా తగ్గినట్టు కనిపించినదాంట్లో చాలా భాగం పనిచేసే ఆడవాళ్లు మారిపోవడం వల్లే వచ్చింది, ఒకే రకం మనిషికి ఇచ్చే వేతనం పెరగడం వల్ల కాదు అంటారు.

ఇప్పుడు చూడండి, మ్రోజ్ డేటా 1975ది. ఒక ఏడాది డేటాలో సున్నా వచ్చిందని ఇంకో కాలానికీ ఇంకో దేశానికీ దాన్ని మోసుకుపోలేం. అయితే వాళ్ల టూ-స్టెప్‌లో కూడా బయట ఉంచిన చలరాశి చిన్నపిల్లలే, పెళ్లితో కలిపి. స్వాతి గారి అభ్యంతరం అక్కడా వర్తిస్తుంది. అందుకే వాళ్లు దాదాపు అందరూ పనిచేసే గుంపులను మాత్రమే తీసుకుని కూడా చూశారు. ఎంపిక లేని చోట ఎంపిక బయాస్ ఉండదు కదా అన్నది అక్కడి ఆలోచన.

సదానందం (కరీంనగర్)

నేను రైతును, ఎంఏ చదివాను. చాలా సర్వేలకు ఊళ్లు తిరిగాను. మీ లెక్కలు బాగున్నాయి గానీ మా దిక్కు ఊళ్లలో సంగతి వేరు. నాట్లకు పోయే గుంపులో పదిహేను మంది ఉంటే పదిహేను మందికీ ఒకటే కూలి. చేయి వేగం ఉన్నామెకూ అదే, కొత్తగా వచ్చినామెకూ అదే. గుంపు పెద్దామె రైతుతో మాట్లాడి రేటు తెంపుతుంది. గుత్తకు పట్టినప్పుడు కూడా ఎకరానికి ఇంత అని తీసుకుని అందరూ సమానంగా పంచుకుంటారు. ఇక మీరు చెప్పే కనపడని నైపుణ్యం కూలిలో ఎక్కడ కనిపిస్తుంది?

రెండోది. మా ఊళ్లో చదువు రాని ఆడవాళ్లు అందరూ పనికి పోతారు. ఇంటర్ చదివిన కోడలు పోదు, పోనివ్వరు. డిగ్రీ, బీఎడ్ చేసినామె మళ్లీ టౌనుకు ప్రైవేటు స్కూలుకు పోతుంది. "చదువు పెరిగితే పనికి పోవడం పెరుగుతుంది" అని మీ ప్రోబిట్ అమెరికాలో చెబుతుందేమో, ఇక్కడ చెప్పదు.

మూడోది. సొంత పొలంలో తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా చేసే ఆమెను ఎటు వేస్తారు? పని చేస్తున్నట్టా, ఇంట్లో ఉన్నట్టా?

కృష్ణవేణి

సదానందం గారూ, మీరు చెప్పిన మూడూ నా అధ్యాయాన్ని తలకిందులు చేసేవే. నేను `educ` ని ఏళ్ల లెక్కన ఒకే చలరాశిగా పెట్టి ప్రోబిట్ చేద్దామనుకున్నాను.

భారతి (ఎకనామెట్రిక్స్ చెబుతుంటాను)

అలా పెడితే మొదటి దశలోనే చెడుతుంది. పనికి పోవడం చదువుతో ముందు తగ్గి తర్వాత పెరిగితే, ఒకే గీత గీసే ప్రోబిట్ ఆ లోయను చదును చేసేస్తుంది. ఇంటర్ చదివినామెకు ఉన్నదానికంటే ఎక్కువ అవకాశం, డిగ్రీ ఆమెకు తక్కువ అవకాశం చూపిస్తుంది. లాంబ్డా అందరికీ తప్పుగా వస్తుంది, ఆ తప్పు సరిగ్గా చదువు వెంబడే మారుతుంది. కాబట్టి చదువు స్థాయికొక డమ్మీ పెట్టు: బడికి పోనివాళ్లు, ప్రైమరీ, పదో తరగతి దాకా, ఇంటర్, డిగ్రీ ఆపైన. తర్వాత ఒక్కో స్థాయిలో నిజంగా పనిచేసేవాళ్ల శాతాన్నీ, ప్రోబిట్ ఇచ్చిన సగటు అవకాశాన్నీ పక్కపక్కన పెట్టి చూడు. డమ్మీలు పెట్టినప్పుడు మొత్తం మీద రెండూ దాదాపు కలుస్తాయి. అందుకని వయసు, కులం వారీగా విడగొట్టి కూడా సరిచూడు, తేడాలు బయటపడేది అక్కడే.

సొంత పొలం ప్రశ్నకు: పీఎల్‌ఎఫ్‌ఎస్ లెక్కలో ఆమె పనిచేస్తున్నట్టే, ఇంటి వ్యవసాయంలో జీతం లేని సహాయకురాలిగా. కానీ ఆమెకు వేతనం గడి ఖాళీ. నీ ప్రోబిట్‌లో ఎడమవైపు ఉండాల్సింది "పని చేస్తోందా" కాదు, "ఆమె వేతనం నాకు కనిపిస్తోందా". ఈ రెండూ మ్రోజ్ డేటాలో దాదాపు ఒకటే, తెలంగాణ పల్లెల్లో చాలా దూరం. పైగా ఒక తలుపు కాదు, మూడు నాలుగు తలుపులున్నాయి: నెల జీతం, రోజు కూలి, సొంత పొలం, ఇల్లు. కూలికి తోసే కారణం పేదరికం, నెల జీతానికి తెచ్చే కారణం చదువు, పరిచయాలు. ఒకే ప్రోబిట్, ఒకే లాంబ్డా ఈ రెండింటినీ కలిపి పిసికేస్తాయి. కనీసం నెల జీతాలను, రోజు కూలిని విడదీసి చెయ్యి. రెండు కంటే ఎక్కువ తలుపులుంటే ఏం చేయాలో లీ 1983లో రాశాడు, ప్రోబిట్ బదులు మల్టినోమియల్ లాజిట్‌తో మొదలవుతుంది. ముందు విడివిడిగా చేశాక దాని జోలికి పోదువు గాని.

కూలి అందరికీ సమానం అన్న మాట నాకు బాగా నచ్చింది. ఒకే ఊళ్లో అలాగే అయితే మనిషిలోని కనపడని తేడాకు కూలిలో చోటు లేదు, కాబట్టి ఊరి లోపల సెలెక్షన్ బయాస్ కూడా ఉండదు. మిగిలేది ఊరికీ ఊరికీ మధ్య తేడా. నాటు రేటు ఎక్కువున్న ఊళ్లో ఎక్కువమంది బయటికి వస్తారు. అది వేరే ఎంపిక, దానికి వ్యక్తి స్థాయి లాంబ్డా మందు కాదు. నీ డేటాలో ఒకే ఊరి ఆడవాళ్ల కూలీలు ఎంత దగ్గరగా ఉన్నాయో ముందు చూడు.

రమణారావు

భారతి గారూ, ఖాళీ గడి మాట అర్థమైంది. ఒక ప్రాక్టికల్ విషయం. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో కూలివాళ్లకు వారంలో రోజు రోజుకూ ఆదాయం అడుగుతారు, నెల జీతం వాళ్లకు గత నెలది అడుగుతారు. ఈ రెండింటినీ ఒకే యూనిట్‌కు తేవడంలోనే చాలామంది పొరపాటు పడతారు. వెయిట్లు కూడా పూర్తిగా వదిలెయ్యొద్దు. ప్రోబిట్ తర్వాత సగటు అవకాశాలు రిపోర్టు చేసేటప్పుడు అవి కావాలి.

కృష్ణవేణి

అందరికీ ధన్యవాదాలు. నెల జీతాలకు మాత్రమే టూ-స్టెప్ చేస్తాను, కూలికి ఊరి లోపలి తేడాలు చూసి నిర్ణయిస్తాను. ఇంకో ఇబ్బంది. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో నిజంగా పనిచేసిన ఏళ్లు లేవు, వయసే ఉంది. అంటే స్వాతి గారు చెప్పిన గ్యాప్ నా డేటాలో ఎక్కడా కనిపించదు, చంటిపిల్లలను బయట ఉంచితే మొత్తం లాంబ్డా మీద పడుతుంది. అందుకని పిల్లల్ని రెండు సమీకరణాల్లోనూ పెట్టి, బయట ఉంచడానికి వేరేది వెతుకుతున్నాను. కుటుంబ సభ్యుల జాబితాలో సంబంధం కోడ్ ఉంది కాబట్టి ఇంట్లో అత్తగారు ఉన్నారో లేదో తెలుస్తుంది. అత్తగారు ఉంటే పిల్లల్ని చూసుకుంటారు, కోడలు ఉద్యోగానికి వెళ్లగలుగుతుంది. స్కూలు వాళ్లు జీతం ఇచ్చేటప్పుడు ఇంట్లో అత్త ఉందా అని చూడరు కదా?

సదానందం (కరీంనగర్)

అత్త ఉంటే కోడలు బయటికి పోతుందని ఎవరన్నారమ్మా? కొన్ని ఇళ్లలో పోనివ్వనిదే ఆమె. కొన్ని ఇళ్లలో అత్తే కూలికి పోయి కోడలిని ఇంట్లో పెడుతుంది. బీద ఇళ్లలో ఇద్దరూ పోతారు, పిల్ల అంగన్‌వాడీలో ఉంటుంది.

స్వాతి

మా అత్తగారు ఉండబట్టే నేను మళ్లీ చేరగలిగాను. కానీ ఆవిడ ఉన్నారు కాబట్టి ఇంకాస్త దూరం, ఇంకాస్త ఎక్కువ జీతం ఉన్న ఉద్యోగానికి కూడా వెళ్లగలిగేదాన్ని. అప్పుడు జీతం మీద ప్రభావం ఉన్నట్టే కదా?

భారతి (ఎకనామెట్రిక్స్ చెబుతుంటాను)

స్వాతి గారి అభ్యంతరం గట్టిది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సదానందం గారిది వేరే రకం, దాన్ని పరీక్షించొచ్చు. అత్త గుణకం కొన్ని ఇళ్లలో ప్లస్, కొన్నింట్లో మైనస్ అయితే ప్రోబిట్‌లో సగటున సున్నాకి దగ్గరగా వస్తుంది, అప్పుడు అది పనికిరాదు. కులం, భూమి, అత్త వయసు వారీగా విడగొట్టి మొదటి దశ మాత్రమే నడిపి ఇక్కడ పెట్టు, కృష్ణవేణి. అరవై దాటిన అత్తను, ఇంకా కూలికి పోయే అత్తను ఒకే డమ్మీలో వేయకు. రెండో దశ జోలికి అప్పుడే పోకు.

డేటా శీను

అత్త లేకుండా, పిల్లల్ని రెండింట్లోనూ పెట్టి, వంపు ఒక్కదానితోనే నడిపిన ఫలితం కూడా పక్కన పెట్టండి. ఆర్-స్క్వేర్ ఎంత వస్తుందో నాకూ చూడాలని ఉంది.